పడనిది బంగారమా, పిన్నీసా? సున్నితమైన చర్మానికి రోజువారీ నగ ఎంచుకోవడం

గుంటూరులో ఉండే మా అక్కకు నిరుడు ఎండాకాలంలో గుండెల మీద, సరిగ్గా పుస్తెలు ఆనే చోట, రూపాయి బిళ్లంత మేర ఎర్రగా లేచి దురద పట్టుకుంది. రెండు చెవుల తమ్మెల వెనక కూడా చర్మం పగిలి నీరు కారేది. నలభై ఐదేళ్ల వయసులో ఇదేం కొత్త బాధ అని కంగారుపడి, చివరికి "నాకు బంగారం పడటం మానేసింది" అని తనే తేల్చేసుకుంది. పుస్తెలతాడు తీసి పసుపుతాడు వేసుకుంది. చెవులకున్న బంగారు దుద్దులు తీసేసి, షాపతను చర్మానికి ఏమీ చెయ్యవని చెప్పి ఇచ్చిన వన్ గ్రామ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంది. నెల తిరిగేసరికి చెవులు ఇంకా పాడయ్యాయి. గుండెల మీది మచ్చ ఎక్కడికీ పోలేదు.

నేను లోహాల పరీక్షశాలలో పనిచేస్తాను. అక్క ఫోనులో పంపిన ఫొటోల్లో నాకు కనిపించింది ఒక్కటే. పుస్తెలతాడు రోజంతా రాసుకునేది మెడ వెనకా, భుజాల పక్కనా. అక్కడ చెమట కూడా ఎక్కువే. ఆ చర్మం మాత్రం శుభ్రంగా ఉంది. చెవి తమ్మె ముందువైపు, అంటే దుద్దు ఆనే వైపు, ఏమీ లేదు. వెనక, శీల బిగించే చోటే పుండు. బంగారమే పడకపోతే బంగారం తగిలే ప్రతి చోటా ఏదో ఒకటి కనిపించాలి కదా. "అక్కా, తాడుకు పిన్నీసులు ఎన్ని తగిలించావు?" అని అడిగాను. "మూడే" అంది.

అక్క పొరపాటు చాలామంది చేసేదే. "నాకు ఫలానా లోహం పడదు" అని మొత్తం నగకు ఒకే పేరు పెట్టేస్తాం. కానీ చర్మానికి నగ పేరుతో పని లేదు. నగలో ఏ ముక్క తగులుతోంది, ఆ ముక్క పైపొర ఏమిటి, అది చెమటలోకి ఏం వదులుతోంది అన్నదే దాని లెక్క. లోహాలను పోల్చి చూడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

చెమటలో ఏం కరుగుతుంది

చెమట అంటే కాస్త ఉప్పు, కాస్త లాక్టిక్ ఆమ్లం, కాస్త యూరియా కలిసిన నీళ్లు. లోహాన్ని నెమ్మదిగా తినడానికి అది చాలు. తుప్పు అనగానే మనకు ఇనుము మీది ఎర్రపొడి గుర్తుకొస్తుంది కానీ, నగల విషయంలో తుప్పు ఎక్కువగా కంటికి కనిపించదు. పైపొరలోని లోహం అయాన్లుగా చెమటలోకి జారిపోతుంటుంది. అలా జారిన నికెల్ చర్మంలోకి ఇంకి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. మన రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపట్టడం ఒకసారి నేర్చుకుంటే ఇక మర్చిపోవు. నికెల్ అలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. లోహాలతో వచ్చే చర్మ అలర్జీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

ఇందులో జనాన్ని తికమక పెట్టేది సమయం. నికెల్ తగిలిన వెంటనే దురద రాదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆదివారం పెళ్లికి పెట్టుకున్న జూకాలకు మంగళవారం దురద మొదలవుతుంది. అప్పటికి చెవులకు మళ్లీ రోజూ పెట్టుకునే బంగారు దుద్దులు వచ్చేసి ఉంటాయి. నింద వాటి మీద పడుతుంది.

ఇంకో తికమక ఆకుపచ్చ మరక. రాగి కడియం, ఇత్తడి గాజు వేసుకుంటే మణికట్టు పచ్చబడుతుంది. అది రాగి చెమటతో కలిసి కట్టిన చిలుము. సబ్బుతో కడిగితే పోతుంది. దురద, వాపు, పొక్కులు లేకుండా ఉత్త రంగు మాత్రమే ఉంటే అది అలర్జీ కాదు. వెండి నలుపు కూడా అంతే. గాలిలోని గంధకపు వాయువులతో వెండి పైన కట్టే పొర అది. చూడటానికి బాగోదు కానీ చర్మానికి చేసే చెడు పెద్దగా లేదు. అంటే రంగు మారిన ప్రతి నగా చెడ్డది కాదు. తళతళలాడే ప్రతి నగా మంచిదీ కాదు. నికెల్ పూత వేసిన పిన్నీసు ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది.

నికెల్ ఎంత ఉందన్నది కాదు, ఎంత వదులుతుందన్నది లెక్క

జర్మన్ సిల్వర్ మన ఇళ్లలో బాగా చొరబడింది. పూజ సామాను, ఇచ్చిపుచ్చుకునే కానుకలు, కాలేజీ అమ్మాయిలు ఇష్టపడే నల్లటి ఆక్సిడైజ్డ్ నగలు కూడా చాలావరకు దానితోనో దానిలాంటి మిశ్రమాలతోనో చేస్తారు. పేరులో సిల్వర్ ఉంది కానీ అందులో వెండి రవ్వంత కూడా లేదు. రాగి, జింక్, నికెల్ కలిపిన మిశ్రమం అది. నికెల్ సాధారణంగా నూటికి 10 నుంచి 18 పాళ్ల దాకా ఉంటుంది.

ఇప్పుడు 316ఎల్ స్టీలు చూడండి. సర్జికల్ స్టీలు అని అమ్మే మంచి రకాల్లో ఇదొకటి. ఇందులో కూడా నికెల్ 10 నుంచి 14 పాళ్లు ఉంటుంది. కాగితం మీద రెండూ దగ్గర దగ్గరగా ఒకటే. ఒంటి మీద మాత్రం పోలికే లేదు. స్టీలులో 16 నుంచి 18 పాళ్లు క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే పైన ఒక ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఆ పొర వెంట్రుకతో పోల్చినా వేల రెట్లు పలచన. గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. ఇంకో రెండు మూడు పాళ్లు ఉండే మాలిబ్డినం, చెమటలోని ఉప్పు ఆ పొరకు చిల్లులు పెట్టకుండా కాస్తుంది. నికెల్ లోపల బందీ అయిపోతుంది. జర్మన్ సిల్వర్‌కు అలాంటి కవచం లేదు. చెమట తగిలిన ప్రతిసారీ రాగితో పాటు నికెల్ కూడా బయటికి వస్తుంది.

ఐరోపాలో చట్టం కూడా ఇలాగే కొలుస్తుంది. ఒంటికి ఎక్కువసేపు తగిలే వస్తువు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ వదలకూడదు. చెవిని, ముక్కును కుట్టి దూర్చే భాగమైతే 0.2 మైక్రోగ్రాము మించకూడదు. వస్తువును కృత్రిమ చెమటలో వారం రోజులు 30 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ నీళ్లలోకి ఎంత నికెల్ వచ్చిందో చూస్తారు. రంధ్రంలో దూర్చేదానికి హద్దు ఎందుకు అంత తక్కువో ఊహించడం కష్టం కాదు. అక్కడ చర్మపు పైపొర అడ్డం ఉండదు. కొత్తగా కుట్టిన చెవిలో లోహం తగిలేది పచ్చి పుండుకే. చాలామందికి నికెల్ అలర్జీ అంటుకునేది కూడా చెవులు కుట్టించుకున్నప్పుడే.

అయితే సర్జికల్ స్టీలు అన్న మాట ఒక్క రకానికే చెందింది కాదు. ఆ పేరుతో 304 కూడా అమ్ముతారు. అందులో మాలిబ్డినం ఉండదు కాబట్టి ఉప్పు చెమటను తట్టుకునే శక్తి తక్కువ. యంత్రం మీద తేలిగ్గా కోసి చెక్కడానికి గంధకం కలిపిన 303 రకం ఇంకా నాసి, నికెల్ చాలా ఎక్కువగా వదులుతుంది. నికెల్ అలర్జీ ఉందని తెలిసినవాళ్లకు నా సలహా ఇది: స్టీలు కొంటే 316ఎల్ అని రాసి ఉన్నదే కొనండి. దాన్ని గొలుసుకో, గడియారం పట్టీకో వాడుకోండి. కొత్తగా కుట్టిన చెవిలో మాత్రం పెట్టకండి. హైపోఅలర్జెనిక్, అంటే అలర్జీ తెచ్చే గుణం తక్కువ, అని పెట్టె మీద రాసిన మాటను నేను లెక్కలోకి తీసుకోను. అది ఏ లోహమో చెప్పదు, ఎంత వదులుతుందో చెప్పదు.

పూత పలచన, దాని కింద కథ వేరు

వన్ గ్రామ్ గోల్డ్ అక్క చెవులను ఇంకా ఎందుకు పాడుచేసిందో చెప్పాలి. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. మూడు మిల్లీమీటర్ల మందం తీగతో చేసిన సాదా గాజు తీసుకుందాం. చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. దాని పైభాగం మొత్తం 18 చదరపు సెంటీమీటర్ల చుట్టూ వస్తుంది. దాని మీద ఒక మైక్రాన్ మందాన, అంటే మామూలు కాగితంలో వందో వంతు మందాన, బంగారం పూస్తే పట్టేది 35 మిల్లీగ్రాములు. గ్రాము బంగారంతో దాదాపు 28 గాజులకు పూత వేయొచ్చు. చవక నగల మీద వేసే పూత చాలాసార్లు మైక్రాన్‌లో పదో వంతు మాత్రమే ఉంటుంది. అప్పుడు గాజుకు పట్టేది మూడున్నర మిల్లీగ్రాములు. కాబట్టి వన్ గ్రామ్ అన్న పేరు చూసి నగలో గ్రాము బంగారం ఉందనుకోకూడదు.

మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలు తరతరాలుగా చేస్తున్నారు. ఆ పనితనం గొప్పది, నేను దాన్ని తక్కువ చేయను. నేను చెప్పేది పూత నగల స్వభావం. రాగి లేదా ఇత్తడి మీద నేరుగా బంగారం పూస్తే రాగి మెల్లగా పైకి పాకి రంగు మాసిపోతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో నికెల్ పొర వేయడం పూత పనిలో మామూలు పద్ధతి. నికెల్ పొర నున్నగా ఉంటుంది, పైన బంగారానికి మెరుపు వస్తుంది. పలచటి బంగారు పూతలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. చెమట వాటిలోంచి నికెల్ దాకా వెళ్తుంది. అక్కడ రెండు లోహాలూ ఒకే ఉప్పునీటిలో తడిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. బంగారం చెక్కుచెదరదు. దాని బదులు కూడా నికెలే కరుగుతుంది. బంగారు పూత లేని ఉత్త నికెల్ కంటే, చిల్లుల పూత కింద ఉన్న నికెల్ ఆ చిల్లుల దగ్గర ఇంకా తొందరగా కరిగిపోవచ్చు. పైకి బంగారంలా కనిపించే కమ్మ చెవిని ఎందుకు కాల్చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పూత నగ మానలేనివాళ్లు గంటో రెండు గంటలో పేరంటానికి పెట్టుకుని వచ్చి తీసేయొచ్చు. పొడి చర్మం మీద, చెమట లేని వేళ, పెద్దగా ప్రమాదం లేదు. రోజంతా, నిద్రలోనూ ఉండే వాటికి మాత్రం పూత వద్దు. గోళ్లకు వేసే రంగులేని పాలిష్ రాయమని చాలామంది చెబుతారు. అది కొన్నాళ్లు అడ్డుకుంటుంది. దుద్దు కాడ మీద అయితే దూర్చి తీసే రాపిడికి రోజుల్లోనే రాలిపోతుంది. గడియారం వెనక పళ్లెం లాంటి కదలని భాగాలకైతే నయం, అదీ మళ్లీ మళ్లీ పూస్తుంటేనే.

గట్టిదనం ఎక్కడ పనికొస్తుంది

గట్టి లోహం మంచిదనీ మెత్తది చెడ్డదనీ అనుకుంటాం. చర్మానికి సంబంధించినంతవరకు గట్టిదనం నేరుగా మంచీ కాదు, చెడూ కాదు. పైపొర ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాత్రం దాని చేతిలో ఉంది. నగ అంతా ఒకే లోహమైతే అరిగినా కింద అదే లోహం వస్తుంది. చర్మానికి తేడా తెలియదు. పూత నగ అరిగితే కింద వేరే లోహం బయటపడుతుంది. అందుకే గట్టిదనం గురించి పూత నగలోనే ఎక్కువ భయపడాలి.

విక్కర్స్ అనే కొలతలో మేలిమి బంగారం 20 నుంచి 30 దాకా ఉంటుంది. గోటితో నొక్కితే కాకపోయినా, పంటితో నొక్కితే గాటు పడుతుంది. 22 క్యారెట్లలో రాగి, వెండి కలవడం వల్ల, పని చేసిన తీరును బట్టి 60 నుంచి 130 దాకా పోతుంది. 92.5 వెండి మెత్తబరిచిన స్థితిలో 70 దగ్గర. 316ఎల్ స్టీలు 150 పైన. టైటానియంలో గ్రేడ్ 5 అనే మిశ్రమం 350 దాకా వస్తుంది, ఏమీ కలపని గ్రేడ్ 2 అందులో సగం కూడా ఉండదు. ఇంట్లో గచ్చు మీద తిరిగే ఇసుక రేణువు వీటన్నిటికంటే గట్టిది, వెయ్యి దాటుతుంది. గీతలు పడని లోహం ఈ జాబితాలో ఒక్కటీ లేదు.

గట్టిదనం నిజంగా తేడా చూపించేది శీల మర దగ్గర. మెత్తటి బంగారంలో తీసిన సన్నటి మర ఏళ్ల తరబడి తిప్పితే అరిగి జారిపోతుంది. అప్పుడు ఏం చేస్తాం? పక్క షాపులో రంగు కలిసే శీల ఒకటి తెచ్చి బిగిస్తాం. అక్క చేసింది అదే. దుద్దు 22 క్యారెట్లది. అరిగిన శీల స్థానంలో వచ్చింది పదిరూపాయల తెల్లటి శీల. రోజంతా, రాత్రంతా తమ్మె వెనక చెమటలో అది నానుతోంది.

టైటానియం మరకు ఇంకో జబ్బు ఉంది. టైటానియం మీద టైటానియం రాసుకుంటే పట్టేసుకుంటుంది. గట్టిగా బిగిస్తే మళ్లీ ఊడి రావడం కష్టం. అందుకని వేళ్లతో తేలిగ్గా ఆగే వరకే తిప్పాలి. మర లేకుండా నొక్కి పెట్టే బిళ్ల ఉన్నవి తీసుకుంటే ఇంకా హాయి. ఇంకో సంగతి, అది మన కంసాలి చేతికి లొంగదు. 1668 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేడి చేస్తే గాలితో కలిసి పెళుసైపోతుంది. ఊదుగొట్టం మంటతో టంకం వేయడం కుదరదు. విరిగితే బాగుచేయించుకోవడం ఉండదు, కొత్తది కొనడమే. ఉంగరమైతే వేలు లావైనా సన్నబడినా కొలత మార్చడం దాదాపు అసాధ్యం. వేలికి నేను టైటానియం సిఫార్సు చేయకపోవడానికి కారణం ఇది. బంగారు ఉంగరాన్ని వేలు వాచినప్పుడు ఎవరైనా ఇట్టే కత్తిరిస్తారు.

చెవికి మాత్రం టైటానియానికి మించింది లేదంటాను. దాని పైన కట్టే ఆక్సైడ్ పొర ఉప్పు చెమటకు లొంగదు. నికెల్ ఉండదు. బరువు సంగతి ఎవరూ చెప్పరు కానీ అది కూడా ముఖ్యమే. ఒకే పరిమాణంలో 22 క్యారెట్ల బంగారం దాదాపు నాలుగు రెట్లు బరువు తూగుతుంది. పుండు మానుతున్న తమ్మెకు ఆ తేడా తెలుస్తుంది. కొనేటప్పుడు ఉత్త టైటానియం అన్న మాట చాలదు. ఏఎస్‌టీఎం ఎఫ్136 అని, అంటే శరీరంలో అమర్చే వస్తువులకు వాడే ప్రమాణం అని, రాతపూర్వకంగా ఇచ్చే చోట తీసుకోండి. టైటానియం పూత అని రాస్తే అది వేరే సరుకు. కింద ఏదో స్టీలు ఉంటుంది.

మరి బంగారం సంగతి

పసుపుపచ్చ 22 క్యారెట్ల బంగారం సున్నిత చర్మానికి మంచి ఎంపికే. 91.6 పాళ్లు బంగారం, మిగతా 8.4 పాళ్లు మామూలుగా రాగి, వెండి, కొద్దిగా జింక్. ఇందులో నికెల్ కలపాల్సిన పని లేదు. పచ్చటి బంగారంలో నికెల్ కలిపితే రంగు తెల్లబడుతుంది కూడా. హాల్‌మార్క్ వేసిన నగ మీద 916 అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంకేతం ఉంటాయి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఇక్కడ రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. హాల్‌మార్క్ బంగారం ఎంత ఉందో చెబుతుంది, మిగతా 8.4 పాళ్లలో ఏముందో చెప్పదు. రెండోది, 2 గ్రాముల కంటే తక్కువ బరువున్న వస్తువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడక, చిన్నపిల్లల దుద్దు, విడిగా కొనే శీల, ఇవన్నీ ఆ హద్దు లోపలే పడతాయి. అంటే చర్మంలోకి దూరే వస్తువులకే ముద్ర ఉండకపోవచ్చు. అందుకే వాటిని, శీలతో సహా, నమ్మకమైన కంసాలి దగ్గర కళ్లముందు అదే బంగారంతో చేయించుకోమని చెబుతాను.

తెల్ల బంగారం దగ్గర ఆగి అడగాలి. 18 క్యారెట్ల తెల్ల బంగారంలో పాతిక పాళ్లు వేరే లోహాలు. తెల్లదనం కోసం కలిపేది నికెల్ కావచ్చు, పల్లాడియం కావచ్చు. పైన రోడియం పూత ఉంటుంది కాబట్టి కొత్తలో రెండూ ఒకేలా ఉంటాయి. రోజూ వేసుకునే ఉంగరం మీద ఆ పూత ఏడాది రెండేళ్లలో అరగడం మామూలు. కొన్నాళ్లు హాయిగా ఉండి తర్వాత దురద మొదలైందంటే అనుమానించాల్సింది అదే. ఏది కలిపారో బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే కొనకండి. ప్లాటినం 950 ఈ గొడవ లేని తెల్ల లోహం, ధర ఒక్కటే అడ్డం.

వెండికి మెట్టెల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మెట్టెల కింద తెల్లగా నాని, పగిలి, మండే చర్మం చాలాసార్లు అలర్జీ కాదు. బట్టల సబ్బు, అంట్ల సబ్బు నీళ్లు మెట్టె కింద నిలిచి చేసే పని అది. వారం రోజులు మెట్టెలు తీసి, వేళ్ల మధ్య పొడిగా తుడుచుకుంటూ చూడండి. తగ్గి, తిరిగి పెట్టుకున్నాక ఆరబెట్టుకుంటున్నంత కాలం రాకుండా ఉంటే తప్పు వెండిది కాదు. 92.5 వెండిలో మిగతాది మామూలుగా రాగి. నల్లబడుతుందనే తప్ప నికెల్ అలర్జీ ఉన్నవాళ్లకు వెండితో ఇబ్బంది లేదు. కానీ జర్మన్ సిల్వర్ మెట్టెలు కూడా వెండిలాగే మెరుస్తాయి. ముద్ర చూడకుండా తీసుకోకండి.

అక్క నగలను పరీక్షించిన రోజు

నికెల్ బయటపెట్టే పరీక్ష ఒకటి చాలా తేలిక. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం, అమ్మోనియా, చెవి పుల్లలు చాలు. కిట్ల రూపంలో కూడా దొరుకుతుంది. పుల్ల చివరి దూది మీద రెండూ ఒక్కో చుక్క వేసి, లోహం మీద అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ వదులుతోందని అర్థం. కిటికీ దగ్గర, గాలి తగిలేలా చేయాలి. అమ్మోనియా ఘాటు కళ్లకు మంచిది కాదు. ముత్యాలు, పగడాలు ఉన్న చోట తగలనివ్వొద్దు.

గుంటూరు వెళ్లినప్పుడు అక్క నగలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చూశాం. పుస్తెలతాడు, పుస్తెలు, బంగారు దుద్దుల ముందు భాగం, అన్నిటికీ దూది తెల్లగానే ఉంది. తాడు అతుకుల దగ్గర విడిగా చూశాను, అక్కడా ఏమీ లేదు. దుద్దు వెనక శీలకు దూది ముదురు గులాబీ. మూడు పిన్నీసుల్లో మూడూ గులాబీ. వన్ గ్రామ్ కమ్మ ముందువైపు మొదట తెల్లగానే ఉంది. కాడ మీద, పూత అరిగిన చోట, రుద్దగానే గులాబీ వచ్చింది. ఒక ఇత్తడి గొలుసుకు దూది కొంచెం నీలంగా మారింది. అమ్మోనియాలో రాగి కరిగితే వచ్చే రంగు అది, నికెల్ కాదు. తుప్పు పట్టిన ఇనుము కూడా ఎర్రటి ఛాయ ఇచ్చి మోసం చేయగలదు, కాబట్టి తుప్పున్న వస్తువు మీద ఈ పరీక్షను నమ్మకూడదు.

దూది తెల్లగా ఉందంటే పూర్తిగా గండం గడిచినట్టు కూడా కాదు. ఈ పరీక్షకు అందనంత తక్కువ నికెల్‌కు కూడా స్పందించే చర్మాలు ఉంటాయి. కొత్త పూత నగ మొదట తెల్లగా చూపించి, ఆరు నెలల తర్వాత అరిగాక గులాబీ చూపిస్తుంది. అందుకే పూత నగను మెరిసే చోట కాదు, కాడ, కొక్కెం, అంచులు, అంటే ముందుగా అరిగే చోట్ల రుద్ది చూడాలి. నగ పరీక్ష నగ గురించే చెబుతుంది. మీకు అలర్జీ ఉందో లేదో చెప్పేది చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్. నికెల్ సల్ఫేట్ కలిపిన లేపనాన్ని వీపు మీద అంటించి రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, ఆ తర్వాత మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అక్కకు నికెల్ దగ్గర ఎర్రగా పొంగింది. అదే పట్టీలో ఉన్న కోబాల్ట్‌కు ఏమీ రాలేదు. ఇది చూసుకోవడం అవసరం, ఎందుకంటే నికెల్ పడనివాళ్లలో కొందరికి కోబాల్ట్ కూడా పడదు.

పిన్నీసులు తీసేశాం. శీలలు రెండూ దుద్దు బంగారంతోనే కంసాలి చేసిచ్చాడు. డాక్టరు ఇచ్చిన లేపనం రెండు వారాలు రాసింది. మూడో వారానికి గుండెల మీది మచ్చ గోధుమరంగుకు తిరిగింది, చెవులు ఆరాయి. ఆ తర్వాతే పుస్తెలతాడు మళ్లీ మెడలోకి వచ్చింది. ఏడాది దాటింది, తిరగబెట్టలేదు. పిన్నీసు లేకుండా చీర కుచ్చిళ్లకు ఎలా అన్నది అక్క ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్న సమాధానం, పిన్నీసులు తాడుకు తగిలించకుండా సంచిలో పెట్టుకోవడం. చీరకు గుచ్చినప్పుడు గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి ఒంటికి తగలదు. జాకెట్టు హుక్కులు లోపలివైపు చర్మానికి తగులుతుంటే గుడ్డ పట్టీ కుట్టించుకోవాలి.

అక్క కూతురికి ఆ వేసవిలోనే చెవి పైభాగంలో రెండో కుట్టు కావాలంది. తల్లికి అలర్జీ ఉన్నంత మాత్రాన తనకూ వస్తుందని కాదు, కానీ కొత్త కుట్టులో నికెల్ పెట్టి కొని తెచ్చుకోవడం ఎందుకు? ముందు రెండు దారులు చూశాం. ఒకటి కంసాలి పాతకాలం పద్ధతిలో మేలిమి బంగారు తీగ దూర్చి చుట్టడం. లోహపరంగా దానికి వంక పెట్టలేం. కాకపోతే అంత మెత్తటి తీగ దువ్వెనకు తగిలినా వంగుతుంది. సూదిని, తీగను సరిగ్గా శుద్ధి చేస్తారన్న భరోసా అన్ని చోట్లా ఉండదు. రెండోది ఎఫ్136 టైటానియం కాడ, ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసి, బోలు సూదితో కుట్టడం. మృదులాస్థి మానడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ కదలకుండా, వంగకుండా, ఏమీ వదలకుండా ఉండాలి. ఆ చోటికి టైటానియమే తీసుకున్నాం. కింది తమ్మెకు మాత్రం అమ్మమ్మ ఇచ్చిన 22 క్యారెట్ల దుద్దులే ఉన్నాయి, శీలలు కూడా బంగారమేనని దూదితో చూసుకున్నాక.

ఇప్పటికే చర్మం పగిలి నీరు కారుతున్నవాళ్లు ఏ లోహం కొనాలా అని షాపుకు వెళ్లకండి. పగిలిన చర్మంలోకి మామూలు కంటే ఎక్కువ లోహం ఇంకుతుంది. పైగా సబ్బు తగిలినా, ఉప్పు తగిలినా మండే దశలో మంచి టైటానియం కూడా చెడ్డదిలాగే అనిపిస్తుంది. అన్నీ తీసేసి, వైద్యం చేయించుకుని, చర్మం పూర్తిగా మూసుకున్నాక ఒక్క నగతో మొదలుపెట్టండి. అది నాలుగు రోజులు ఒంటి మీద ఉండి ఏమీ చేయకపోతేనే రెండోది పెట్టండి. మూడు ఒకేసారి పెట్టుకుంటే దురద వచ్చినప్పుడు ఏది తీయాలో తెలియదు.